యాభై టన్నుల క్రేన్, ఆరు టన్నుల దూలం

అద్దెకు తెచ్చిన క్రేన్ బూమ్ మీద పెద్ద అక్షరాలతో 50 టన్నులని రాసి ఉంటుంది. ఎత్తాల్సిన కాంక్రీటు దూలం 6 టన్నులు. యజమాని నుంచి మేస్త్రీ దాకా సైటులో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: యాభై మోసేది ఆరు మొయ్యలేదా? మొయ్యగలదు. మొయ్యలేక పక్కకు ఒరిగిపోనూ వచ్చు. ఏది జరుగుతుందన్నది క్రేన్ ఎక్కడ నిలబడింది, దూలం ఎక్కడ దిగాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కోసారి రెండు మీటర్ల దూరంలోనే అంతా తేలిపోతుంది.

ఆ 50 అన్న అంకె అబద్ధం కాదు. కాకపోతే అది ఒకే ఒక్క స్థితికి వర్తిస్తుంది. జాకీ కాళ్లు పూర్తిగా చాపి, బూమ్‌ని పూర్తిగా లోపలికి ముడిచి, బరువును క్రేన్ తిరిగే ఇరుసు నుంచి దాదాపు 3 మీటర్ల దూరంలో ఎత్తితే వచ్చే సామర్థ్యం అది. ఇరుసు నుంచి 3 మీటర్లంటే కొక్కెం ఇంచుమించు బండి పక్కనే ఉన్నట్టు. అక్కడ ఎత్తాల్సిన పని ఎవరికీ ఉండదు. బరువు దూరం జరిగేకొద్దీ క్రేన్‌ని పడదోసే బలం పెరుగుతుంది, ఎత్తగలిగే టన్నులు తగ్గుతాయి. ఏ దూరంలో ఎన్ని టన్నులో చెప్పే పట్టికే లోడ్ చార్ట్. ఆపరేటర్ క్యాబిన్‌లో అది తప్పకుండా ఉండాలి. లేదంటే ఆ క్రేన్‌ని పనిలోకి తీసుకోకూడదు.

ఒక పని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. కల్యాణ మండపం కడుతున్నారు. 12 మీటర్ల ఎత్తున ఉన్న స్తంభాల మీద ఒక ప్రీకాస్ట్ దూలం కూర్చోబెట్టాలి. దూలం పొడవు 8 మీటర్లు, వెడల్పు అర మీటరు, లోతు 60 సెంటీమీటర్లు. ఎత్తడానికి పైన రెండు ఇనుప కొక్కేలు పెట్టి పోశారు. వాటి మధ్య దూరం 4 మీటర్లు.

మొదట తెలియాల్సింది బరువు. ‘ఐదారు టన్నులుంటుంది’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఇనుము కలిసిన కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2.5 టన్నులు తూగుతుంది. 8ని 0.5తో, ఆపైన 0.6తో గుణిస్తే 2.4 ఘనపు మీటర్లు వస్తుంది. అంటే 6 టన్నులు. కానీ క్రేన్ మోసేది దూలాన్ని ఒక్కదాన్నే కాదు. తాడుకు వేలాడే హుక్ బ్లాకు అర టన్ను దాకా ఉంటుంది. బెల్టులు, షాకిళ్లు కలిపి ఇంకో వంద కిలోలు. చాలా చార్టుల్లోని అంకెలో ఇవన్నీ కలిసే ఉంటాయి కాబట్టి మన బరువు 6.6 టన్నులు. ఈ అర టన్నును మర్చిపోవడం సైటుల్లో మామూలైపోయింది.

తర్వాతది దూరం. సైటులో దీన్ని రేడియస్ అంటారు. క్రేన్ తిరిగే ఇరుసు మధ్య నుంచి కొక్కెం కిందికి నేల మీద గీత గీస్తే వచ్చే పొడవు అది. టైరు అంచు నుంచో, జాకీ కాలు నుంచో టేపు పెట్టి కొలిచేవాళ్లున్నారు. అలా కొలిస్తే రెండు మూడు మీటర్లు తక్కువ వస్తుంది, చార్టులో తప్పు వరుస చదువుతారు. దూలం ఎత్తేచోట ఒక రేడియస్, దించేచోట ఇంకో రేడియస్ ఉంటాయి. రెండింటిలో ఎక్కువదాన్నే లెక్కకు తీసుకోవాలి. మన పనిలో దించేచోటు ఇరుసు నుంచి 14 మీటర్లు అనుకుందాం.

అంకెలు క్రేన్‌కీ క్రేన్‌కీ మారతాయి. 50 టన్నుల బండి ఒకదానికి, ఈ ఎత్తు అందుకోవడానికి కావలసిన 24 మీటర్ల బూమ్‌తో, 10 మీటర్ల దగ్గర 13 టన్నులు, 12 దగ్గర 10, 14 దగ్గర 7.8, 16 దగ్గర 6.2 ఉన్నాయనుకోండి. 14 మీటర్ల దగ్గర మన 6.6 టన్నులు చార్టులో 85 శాతం. జాగ్రత్తగా చేస్తే చెయ్యదగ్గ పనే. ఇప్పుడు క్రేన్ నిలబెట్టాల్సిన చోట ఇటుకల గుట్ట ఉంది. దాన్ని తీయించడానికి పూట పడుతుందని బండిని రెండు మీటర్లు వెనక్కి పెట్టారు. రేడియస్ 16 అయింది. అదే క్రేన్, అదే దూలం, అదే ఆపరేటర్. కానీ ఎత్తగలిగేది 6.2, ఎత్తుతున్నది 6.6. ఇటుకలు తీయించడం ఒక్కటే దీనికి సరైన జవాబు.

చార్టు తయారుచేసేవాళ్లు కొంత వెసులుబాటు పెడతారన్నది నిజం. క్రేన్ ఒరిగే బరువులో 75 శాతమో, 85 శాతమో మాత్రమే పట్టికలో రాస్తారు. ఆ మిగిలిన భాగం మనం వాడుకోవడానికి కాదు. గాలి తోపు, బ్రేకు వేసినప్పుడు వచ్చే కుదుపు, వంగిన బూమ్ వల్ల పెరిగే దూరం, ఇవన్నీ దాన్ని తినేస్తాయి. బరువు పడగానే పొడవైన బూమ్ వంగి కొక్కెం ముందుకు జరుగుతుంది. నేల మీద 14 మీటర్లున్న దూలం గాల్లోకి లేచేసరికి ఇంకొంచెం దూరం అవుతుంది. పైగా చార్టులో కొన్ని అంకెలు ఒరిగిపోవడాన్ని బట్టి కాక, బూమ్ ఇనుము తట్టుకునే బలాన్ని బట్టి ఉంటాయి. వెనక టైర్లు లేస్తే తెలిసిపోతుందిలే అని ధైర్యం చెప్పే పాత ఆపరేటర్లు ఈ రెండో రకాన్ని మర్చిపోతున్నారు. అక్కడ టైరు లేవదు, ముందుగా ఏ సూచనా రాదు, బూమే మడతపడిపోతుంది.

చార్టులోని ఒక్కో అంకె వెనక రెండు షరతులున్నాయి: జాకీ కాళ్లు ఆ చార్టు చెప్పినంత చాచి ఉండాలి, బండి సమతలంగా ఉండాలి. ఈ రెండూ నేల చేతిలో ఉన్నాయి. దాదాపు 40 టన్నుల బండి 6.6 టన్నులు మోస్తూ ఒక మూల వైపు తిరిగినప్పుడు ఆ మూల జాకీ ఒక్కటే 30 టన్నులకు పైగా నేల మీద మోపుతుంది. జాకీ కింది ప్లేటు అడుగున్నర చదరం కూడా ఉండదు. గట్టి కంకర నేలైనా అంత చిన్న చోట అంత బరువును ఓర్చుకోలేదు. అందుకే ఒకటిన్నర మీటరు చదరం ఉండే దుంగల మ్యాట్లు పరిచి, వాటి మధ్యలో జాకీ దించాలి. మొన్నీమధ్య పూడ్చిన పైపు గుంత, సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ బండ, ఈ మూడూ ఎక్కడున్నాయో సైటు ఇంజనీరు ముందు రోజే చూపించాలి. క్రేన్‌తో వచ్చిన ఆపరేటర్‌కి ఆ నేల కింద ఏముందో తెలిసే దారి లేదు.

ఇప్పుడు దూలానికి కట్టే బెల్టుల సంగతి. ఇక్కడి ప్రమాదం కంటికి కనిపించదు కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. నిండు బిందెను ఇద్దరు చెరో పక్క పట్టుకుని దగ్గరగా నడిస్తే తేలిగ్గానే ఉంటుంది. అదే బిందెతో ఇద్దరూ దూరం జరిగితే భుజాలు లాగేస్తాయి. బిందె బరువు పెరగలేదు, చేతులు వాలాయి. బెల్టులకూ అంతే. నిట్టనిలువుగా ఉంటే రెండు బెల్టుల్లో ఒక్కోదాని మీద 3 టన్నులు పడుతుంది. అడ్డంగా వాలేకొద్దీ అది పెరుగుతుంది. నేలకు సమాంతరంగా గీసిన గీతతో బెల్టు చేసే కోణం 30 డిగ్రీలకు పడిపోతే ఒక్కో బెల్టు మీద పూర్తి 6 టన్నులు పడతాయి. రెండు బెల్టులున్నా ఒక్కోటీ మొత్తం బరువంత బలంతో సాగుతుందన్నమాట.

కోణం కొలవడానికి పరికరం అక్కర్లేదు, టేపు చాలు. కొక్కెం నుంచి దూలం పైభాగానికి నిలువు ఎత్తు కొలవండి. బెల్టు పొడవును ఆ ఎత్తుతో భాగించండి. వచ్చినదాన్ని ఒక్కో బెల్టు వంతుకు వచ్చే బరువుతో, ఇక్కడ 3 టన్నులతో, గుణించండి. బెల్టు మీద పడే లాగుడు అదే. మన దూలానికి 4 మీటర్ల బెల్టులు వేస్తే, కొక్కేల మధ్య దూరమూ 4 మీటర్లే కాబట్టి మూడు వైపులూ సమానమైన త్రిభుజం ఏర్పడుతుంది. కోణం 60 డిగ్రీలు, ఎత్తు సుమారు 3.46 మీటర్లు, ఒక్కో బెల్టు మీద లాగుడు దాదాపు 3.5 టన్నులు. 4 టన్నుల బెల్టు సరిపోతుంది. బెల్టులకు రంగులుంటాయి: పచ్చది 2 టన్నులు, పసుపుది 3, బూడిద రంగుది 4, ఎర్రది 5. కానీ రంగు వెలిసిపోతుంది. నమ్మాల్సింది బెల్టుకు కుట్టిన ట్యాగులోని అంకెను. ట్యాగు ఊడిపోయిన బెల్టును పక్కన పెట్టెయ్యాలి.

ఇప్పుడు అదే 4 టన్నుల బెల్టులు, కాకపోతే 2.5 మీటర్ల పొడవువి దొరికాయనుకోండి. నిలువు ఎత్తు ఒకటిన్నర మీటరుకు పడిపోతుంది. 2.5ని 1.5తో భాగించి 3తో గుణిస్తే 5 టన్నులు. బెల్టు రాసినదాన్ని దాటిపోయింది. అయినా ఆ రోజు బెల్టు తెగదు. రాసిన బరువుకు ఏడు రెట్ల దాకా తట్టుకునేలా వాటిని తయారుచేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది. తెగలేదు కాబట్టి రేపూ అదే కడతారు. ఆ ఏడు రెట్లూ ఎండకు, రాపిడికి, కాంక్రీటు అంచు కోతకు కొంచెం కొంచెంగా కరిగిపోతుంటాయి. బెల్టును దూలం చుట్టూ చుట్టి ఎత్తేటప్పుడు అంచుల దగ్గర రక్షణ ముక్క పెట్టకపోతే బిగువులో ఉన్న బెల్టు చూస్తుండగానే కోసుకుపోతుంది.

వాలిన బెల్టు దూలాన్ని లోపలికి కూడా నొక్కుతుంది. 60 డిగ్రీల దగ్గర ఒక్కో కొక్కెం మీద ఈ పక్క లాగుడు సుమారు 1.7 టన్నులు. పొట్టి బెల్టులతో అది 4 టన్నులవుతుంది. నిలువు లాగుడుకు పోసిన కొక్కెం పక్కకు వంగుతుంది, దాని మొదట్లో కాంక్రీటు పగులుతుంది. మిగిలిపోయిన టీఎంటీ కడ్డీని వంచి ఎత్తే కొక్కెంగా పెట్టడం చాలాచోట్ల కనిపిస్తోంది. వంచినచోట ఆ కడ్డీ పెళుసెక్కి, సాగకుండా ఒక్కసారిగా విరగొచ్చు. ఆ పనికి మెత్తటి సాదా కడ్డీయో, అందుకోసమే తయారైన యాంకరో వాడాలని డిజైన్ చేసే ఇంజనీరు పట్టుబట్టాలి.

మరి పొట్టి బెల్టులు ఎందుకు వేస్తారు? పొడవు బెల్టు వేస్తే కొక్కెం రెండు మీటర్లు ఇంకా పైకి లేవాలి. బూమ్‌ని ఇంకా చాపాలి. బూమ్ పొడవు మారితే చార్టులో చదవాల్సిన గడీ మారుతుంది. అంటే బెల్టు పొడవు, బూమ్ పొడవు, రేడియస్ మూడూ ఒకే లెక్కలో భాగాలు. క్రేన్ వచ్చాక రిగ్గర్ ఒకటి, ఆపరేటర్ ఒకటి విడివిడిగా తేల్చుకుంటే ఆ లెక్క కుదరదు. నలుగురూ కూర్చుని ముందు రోజే ఒక కాగితం మీద గీసుకోవాలి.

నాలుగు బెల్టులు కడితే బరువు నాలుగు భాగాలవుతుందనే నమ్మకం కూడా ఉంది. గట్టి వస్తువు కింద నాలుగు బెల్టులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండవు. చాలాసార్లు ఎదురెదురు మూలల రెండు బెల్టులే బరువు మోస్తాయి, మిగిలిన రెండూ వస్తువు తిరగకుండా పట్టుకుంటాయి. రెండు బెల్టులే మోస్తాయనుకుని ఎంచుకోవడం క్షేమం.

ఇక సిగ్నల్. క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కి 12 మీటర్ల పైన స్తంభం తల కనబడదు. అతని కళ్లు సిగ్నల్‌మన్ దగ్గరున్నాయి. కుడి ముంజేతిని నిలబెట్టి చూపుడు వేలిని పైకి తిప్పితే ఎత్తమని. చేతిని కిందికి చాపి వేలిని నేల వైపు తిప్పితే దించమని. పిడికిలి బిగించి చేయి చాపి బొటనవేలు పైకి చూపితే బూమ్ లేపమని, కిందికి చూపితే బూమ్ వాల్చమని. ఈ ‘దించు’కూ ‘బూమ్ వాల్చు’కూ మధ్య తేడాలోనే ప్రాణాలున్నాయి. తాడు వదిలినా దూలం కిందికి వస్తుంది, బూమ్ వాల్చినా కిందికే వస్తుంది. చూసేవాడికి రెండూ ఒకటే. కానీ తాడు వదిలితే రేడియస్ మారదు. బూమ్ వాల్చితే దూలం బయటికి జరిగి, 14 మీటర్లు కాస్తా 16 వైపు నడుస్తుంది. ఆపరేటర్ వేలు చూశాడో, బొటనవేలు చూశాడో తెలియని క్షణంలో అతను చెయ్యాల్సింది ఒక్కటే, ఆగిపోవడం.

ఖలాసీల ‘హబేసు, ఆరియా’ కేకలు మన సైటుల్లో ఇంకా వినిపిస్తాయి. ఏ భాషైనా ఫర్వాలేదు, ఎత్తే ముందు ఇద్దరూ ఒకే అర్థానికి ఒప్పుకుని ఉంటే చాలు. ఎదురెదురుగా కనిపించనప్పుడు వాకీటాకీ వాడాలి. అందులో మాట ఆగకూడదు: ‘దించు, మూడు మీటర్లు... రెండు... ఒకటి... అర... ఆపు’ అంటూ సాగాలి. మధ్యలో నిశ్శబ్దం వస్తే ఆపరేటర్ క్రేన్ ఆపెయ్యాలి, ఎందుకంటే ఆ నిశ్శబ్దం బ్యాటరీ అయిపోవడం వల్ల కూడా కావచ్చు. మన దూలానికి కింద ఒక సిగ్నల్‌మన్, పైన ఒక సిగ్నల్‌మన్ కావాలి. ఏ క్షణంలోనైనా చెప్పేది మాత్రం ఒక్కరే. ‘ఇక నీదే’ అని కిందివాడు, ‘నాదే’ అని పైవాడు అన్నాకే మారాలి. యజమాని చెయ్యి ఊపినా, మేస్త్రీ అరిచినా ఆపరేటర్ పట్టించుకోకూడదు. ఒక్క ‘ఆపు’ సంకేతం మాత్రం ఎవరిదైనా సరే, టీ తెచ్చిన కుర్రాడిదైనా సరే, వెంటనే వినాలి.

ఎత్తడం మొదలుపెట్టాక తొలి అడుగులోనే చాలా సంగతులు బయటపడతాయి. దూలాన్ని నేల నుంచి జానెడు లేపి కాసేపు ఆపాలి. జాకీ మ్యాటు దిగబడుతోందా, దూలం ఒక పక్కకు వాలిందా, కొక్కేలు వంగాయా, బ్రేకు పట్టి నిలిపిందా చూడాలి. క్యాబిన్‌లోని సేఫ్ లోడ్ ఇండికేటర్ ఇప్పుడు అసలు బరువు చూపిస్తుంది. మన లెక్క 6.6 అయితే అది 7.4 చూపిస్తోందంటే దూలం అచ్చు నుంచి పూర్తిగా విడివడలేదు, లేదా మన లెక్కే తప్పు. దించేసి కారణం వెతకాలి. ఆ యంత్రం గోల పెడుతోందని తాళం తిప్పి నోరు మూయించే అలవాటును మాత్రం ఏ సైటూ సహించకూడదు.

ఎవరు ఎక్కడ నిలబడాలన్నది చివరికి మిగిలేది. 12 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకడానికి పట్టేది ఒకటిన్నర సెకను. అప్పటికి దాని వేగం గంటకు 55 కిలోమీటర్లు. కేక విని, తల ఎత్తి, ఏమైందో అర్థం చేసుకునేలోపే ఆ సెకన్నర అయిపోతుంది. అందుకే ‘చూసుకుంటూ ఉండండి’ అన్న జాగ్రత్త కింద ఉన్నవాడిని కాపాడలేదు. అతను అక్కడ లేకపోవడమే కాపాడుతుంది.

ఆ చోటంటే దూలం నీడ పడే మేర మాత్రమే కాదు. ఒక బెల్టు తెగితే 8 మీటర్ల దూలం నిలువుగా పడదు. రెండో బెల్టుకు వేలాడుతూ ఊగుతుంది, కొస నేలకు తగిలి పక్కకు ఒరుగుతుంది. కాబట్టి దూలం ప్రయాణించే దారికి అటూ ఇటూ కనీసం దాని పూర్తి పొడవంత ఖాళీ చెయ్యాలి. రిబ్బను కడితే చాలదు, రిబ్బనును జనం ఎత్తుకుని దూరిపోతారు. బారికేడ్లు పెట్టి, దారులు మొదలయ్యే చోట మనిషిని నిలబెట్టాలి. ఆ దారి కింద ఉన్న అంతస్తుల్లో ప్లాస్టరింగ్ చేస్తున్నవాళ్లనూ ఆ అరగంట బయటికి పంపాలి. క్రేన్ వెనక భాగం తిరిగే చుట్టూ కూడా కంచె ఉండాలి. ఆ బరువు దిమ్మె గోడకూ తనకూ మధ్య మనిషిని నలిపేసినా ఆపరేటర్‌కి తెలియదు.

క్రేనే పడిపోతే పరిస్థితి ఏమిటన్నది మనం తక్కువగా ఆలోచిస్తాం. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌కి లోడ్ పరీక్ష జరుగుతుండగా అది కూలి 11 మంది చనిపోయారు. 1999 జూలై 14న అమెరికాలోని మిల్వాకీలో మిల్లర్ పార్క్ బేస్‌బాల్ స్టేడియానికి 450 టన్నుల కప్పు భాగాన్ని ఎత్తుతుండగా ‘బిగ్ బ్లూ’ అనే భారీ క్రేన్ కూలింది. పక్కనే ఇంకో క్రేన్‌కి వేలాడే తొట్టెలో నిలబడి ఉన్న ముగ్గురు ఇనుప పనివాళ్లు చనిపోయారు. అంత వెడల్పాటి కప్పు మీద గాలి ఎంత బలంగా తోస్తుందో లెక్కలోకి తీసుకోలేదని తర్వాత తేలింది. మన దూలం సన్నటిది, గాలి పట్టు తక్కువే. అదే రేకుల ప్యానెలో, షట్టరింగ్ పలకలో ఎత్తేటప్పుడు తక్కువ బరువని ధీమా పనికిరాదు. బూమ్ పడగల పరిధి అంతటినీ ఖాళీ చెయ్యడం చాలా సైటుల్లో సాధ్యం కాదు. ఆ పరిధిలో ఉండే మనుషుల సంఖ్యను తగ్గించడం మాత్రం ఎక్కడైనా సాధ్యమే. పనితో సంబంధం లేని ఒక్క మనిషి కూడా అక్కడ ఉండకూడదు.

దూలం గాల్లో తిరగకుండా రెండు కొసలకూ తాళ్లు కడతారు. వాటిని పట్టుకున్నవాళ్లు దూలం కిందికి కాకుండా పక్కకు దూరంగా ఉండాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. దూలం గాలికి తిరిగితే చుట్టుకున్నవాడిని ఈడ్చుకుపోతుంది, పట్టుకున్నవాడు వదిలెయ్యగలడు. సైటు మీదుగా కరెంటు తీగలుంటే మొదట చనిపోయేది ఈ తాడు పట్టుకున్న మనిషే కాబట్టి లైను ఆపించేదాకా పని మొదలుపెట్టకూడదు. పైన స్తంభాల దగ్గరున్నవాళ్లు దూలం మోకాలి ఎత్తుకు దిగేదాకా వెనకే ఉండాలి. సరిచేసేటప్పుడు దూలానికీ స్తంభానికీ మధ్య వేలు కూడా పెట్టకూడదు. తొయ్యాల్సి వస్తే పక్క నుంచి అరచేత్తో తొయ్యాలి.

దూలం స్తంభాల మీద కూర్చున్నాక తొందర మొదలవుతుంది, ఎందుకంటే క్రేన్ అద్దె గంటల లెక్కన నడుస్తుంటుంది. తాడు వదులు చేసినా బెల్టులు వెంటనే విప్పకూడదు. సన్నటి దూలం పక్కకు దొర్లకుండా ఆనింపులు బిగించాకే షాకిల్ పిన్ను తియ్యాలి. విప్పిన బెల్టుల కొసలను హుక్కుకే తగిలించి పంపాలి. వేలాడుతూ వదిలేస్తే, హుక్కు లేచేటప్పుడు ఆ కొస పరంజా గొట్టానికో, ఇప్పుడే కూర్చోబెట్టిన దూలం కొక్కేనికో తగులుకుంటుంది. ఆపరేటర్‌కి హుక్కు ఖాళీగా ఉందనే తెలుసు కాబట్టి వేగంగా లాగుతాడు. అందుకని ఖాళీ హుక్కు పరంజాను దాటేదాకా పైనున్న సిగ్నల్‌మన్ తన చోటు వదలకూడదు, కింద బారికేడ్లూ తియ్యకూడదు.